మిక్సీ నిర్దోషి!

కాణిపాకం వాళ్లకి ఓ సౌకర్యం ఉంది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేలకపోతే 'అయితే వరసిద్ధుడి ముందు ప్రమాణం చెయ్' అనేస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో అప్పుల తగాదా నుంచి గట్టు తగాదా వరకూ ఎన్నో ఆ మాటతోనే తెగిపోతుంటాయి. కానీ మా అక్కకీ వాళ్ల అత్తగారికీ మధ్య నడుస్తున్న తగాదా అట్లా తెగేది కాదు. ఎందుకంటే అక్కడ ముద్దాయి మనిషి కాదు, మిక్సీ!

మొన్న ఎండాకాలంలో అక్కా వాళ్లింటికి వెళ్లేసరికి వంటింట్లో ఇదే పంచాయితీ. కరెంటు బిల్లు 252 యూనిట్లు వచ్చింది. 'మిక్సీ యేసినప్పుడల్లా మీటరు గిర్రున తిరగతా ఉంటే బిల్లు రాక ఏమొస్తాది పాపా? మా కాలంలో రోట్లో రుబ్బలేదా?' అన్నారు అత్తమ్మ. అక్కకేమో గ్రైండరు మీద అనుమానం. బావది ఇంకో వాదన. ఆయన లెక్కలో నేరం మొత్తం ఇండక్షన్ పొయ్యిదే. ఫ్రిజ్ మీద మాత్రం ఎవ్వరికీ అనుమానం లేదు. పాపం అది పద్నాలుగేళ్లుగా ఓ మూల నోరెత్తకుండా నిలబడి ఉంది కదా!

నా సంచిలో ప్లగ్గుకి పెట్టే ఎనర్జీ మీటరు ఉంది. అరచేతిలో పట్టేంత పెట్టె. గోడకున్న సాకెట్లో దాన్ని పెట్టి, దానికి మన వస్తువు ప్లగ్గు పెట్టాలి. ఆ వస్తువు ఈ క్షణాన ఎన్ని వాట్లు లాగుతోందో, మీటరు పెట్టినప్పటి నుంచీ మొత్తం ఎన్ని యూనిట్లు తాగిందో తెర మీద చూపిస్తుంది. వాట్ల దగ్గర W అని, యూనిట్ల దగ్గర kWh అని ఉంటుంది. ఓల్టేజీ కూడా కనిపిస్తుంది. ఇలాంటివి కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే. 16 ఆంపియర్లదై, లావు పుల్లల ప్లగ్గుతో ఉండాలి. కెటిల్, ఇండక్షన్ పొయ్యి లాంటివాటిని 6 ఆంపియర్ల చిన్న మీటరుకో, నాసిరకం ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. చేత్తో తాకితే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే స్విచ్ ఆపేయాల్సిందే.

'ఆ పెట్టె చెప్పేది నిజమని ఎవరు చెప్పినారు?' అని అత్తమ్మ అడిగారు. సబబైన ప్రశ్న. దానికి జవాబు బయట వరండాలో ఉన్న ఇంటి మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఓ చిన్న ఎర్రలైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. దాని దగ్గర ఇన్ని imp/kWh అని రాసి ఉంటుంది. అక్కా వాళ్ల మీటరు మీద 3200 అని ఉంది. అంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు.

ఇంట్లో ఉన్నవన్నీ ఆపేశాం. ఇన్వర్టరు కూడా. చాలామంది దాన్ని మరిచిపోతారు, అదేమో చాటుగా బ్యాటరీ నింపుకుంటూ లెక్క తప్పిస్తుంది. ఒక్క కెటిల్ మాత్రం మన మీటరు ద్వారా పెట్టాం. తెర మీద 1,150 వాట్లు కనిపిస్తోంది. బావ వరండాలో గడియారం పట్టుకుని 2 నిమిషాలు లెక్కపెడితే లైటు 122 సార్లు వెలిగింది. నిమిషానికి 61, గంటకి 3,660. దాన్ని 3,200తో భాగిస్తే గంటకి 1.14 యూనిట్లు. అంటే 1,140 వాట్లు. రెండు మీటర్లూ ఒకే మాట చెబుతున్నాయి. వాట్లు బాగా తక్కువున్నప్పుడు, అంటే ఒకటీ రెండూ వాట్ల దగ్గర ఈ చిన్న మీటర్లను అంతగా నమ్మలేం గానీ వంటింటి లెక్కకి ఇది చాలు.

ఇక్కడ బావకి ఇంకో సందేహం వచ్చింది. కెటిల్ మీద 1,500 వాట్లని అచ్చేసి ఉంటే మీటరు 1,150 అంటుందేమిటని! కారణం అదే తెర మీద ఉంది. ఆ సాయంత్రం ఓల్టేజీ 201. కంపెనీ రాసిన 1,500 వాట్లు 230 ఓల్టులకి. వేడి చేసే వస్తువులకి ఓల్టేజీ కొంచెం తగ్గితే వాట్లు బాగా పడిపోతాయి. అలాగని కరెంటు ఆదా అయిందని సంబరపడక్కర్లేదు. 4 నిమిషాల్లో కాగాల్సిన లీటరు నీళ్లు 5 నిమిషాలకి పైగా తీసుకుంటాయి. ఎటు తిరిగినా లీటరు కాగడానికి 0.1 యూనిట్ ఖర్చవుతుంది, అంతే.

మీటరు నమ్మకస్తురాలని తేలాక మిక్సీని నిలబెట్టాం. మరునాడు పొద్దున్నే చట్నీకి వేస్తే 380 వాట్లు, అల్లం వెల్లుల్లికి 450. మిక్సీ అడుగున రాసింది మాత్రం 750 వాట్లు. జారులో బాగా గట్టి సరుకు పడితే తప్ప అంత లాగదు. రోజు మొత్తం మీద అక్క మిక్సీ వేసింది 6 నిమిషాలు. రాత్రి చూస్తే 0.04 యూనిట్. నెలకి ఒకటింబావు యూనిట్ కూడా కాదు! గ్రైండరు ఇంకా అమాయకురాలు. వారానికి రెండుసార్లు దోసెల పిండి రుబ్బుతారు. 150 వాట్ల మోటారు, 40 నిమిషాలు. ఒక వాయికి 0.1 యూనిట్, నెలంతా కలిపి యూనిట్‌కి లోపే.

మరి అత్తమ్మ అబద్ధం చెప్పారా అంటే, లేదు. ఆవిడ చూసింది నిజమే. పాత మీటర్లలో ఓ అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. మిక్సీ వేయగానే అది గిర్రున తిరగడం ఆ తరం వాళ్లందరూ చూశారు. కాకపోతే చక్రం తిరిగే వేగం వాట్లు, మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందన్నది యూనిట్లు. మిక్సీ 6 నిమిషాలు చక్రాన్ని పరుగులు పెట్టించి ఊరుకుంటుంది. ఫ్రిజ్ నిదానంగా తిప్పుతుంది, కానీ తెల్లవార్లూ తిప్పుతుంది. బిల్లు కొట్టేది చుట్ల లెక్కకే. చప్పుడుకీ బిల్లుకీ ఏ సంబంధమూ లేదు. 'అయితే చప్పుడు చేయనిదాన్నే చూడాల పాపా' అన్నారు అత్తమ్మ. నేను ఓ పేజీలో రాయబోయేది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఫ్రిజ్‌ని పరీక్షించడానికి ఓపిక కావాలి. పది నిమిషాలు చూసి తీర్పు చెప్పకూడదు. కంప్రెసరు నడుస్తున్నప్పుడు అక్కా వాళ్ల ఫ్రిజ్ 140 వాట్లు లాగుతోంది. ఆగితే దాదాపు సున్నా. మంచు పేరుకోని రకం కనుక లోపల మంచు కరిగించే చిన్న హీటరు కూడా ఉంది. అది నడిచిన కాసేపూ అంకె మళ్లీ పైకి పోతుంది. అందుకే కనీసం 24 గంటలు, వీలైతే 3 రోజులు మీటరు పెట్టి ఉంచాలి. స్టెబిలైజరు ఉంటే మీటరు దానికి ముందు, గోడ సాకెట్లోనే పెట్టాలి. అప్పుడే స్టెబిలైజరు తినేది కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకో జాగ్రత్త. కరెంటు పోయినప్పుడు కొన్ని మీటర్లలో అప్పటిదాకా నమోదైన యూనిట్లు చెరిగిపోతాయి. ముందే ఓసారి ప్లగ్గు లాగి మళ్లీ పెట్టి, అంకె నిలిచిందో లేదో చూసుకోవాలి. పల్లెటూళ్లో 3 రోజులు కరెంటు పోకుండా ఉంటుందా మరి!

మూడు రోజులకి 7.8 యూనిట్లు. అంటే రోజుకి 2.6. నెలకి 78 యూనిట్లు! మొత్తం బిల్లులో మూడో వంతుకి కాస్త తక్కువ. ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ అంకె ఇంకో కథ కూడా చెబుతుంది. 2.6 యూనిట్లంటే 2,600 వాట్ గంటలు. కంప్రెసరు లాగే 140తో భాగిస్తే పద్దెనిమిదిన్నర గంటలు. హీటరు వాటా తీసేసినా రోజులో పద్దెనిమిది గంటల దాకా ఆ కంప్రెసరు విశ్రాంతి లేకుండా నడుస్తోందన్నమాట. ఎండాకాలమే అయినా ఇది ఎక్కువే. లోపలికి వేడి ఎక్కడి నుంచో దూరుతోంది, లేదా లోపలి వేడి బయటికి సరిగ్గా పోవడం లేదు. అక్కా వాళ్లింట్లో రెండూ జరుగుతున్నాయి.

తలుపు రబ్బరు సంగతి తెలుసుకోవడానికి పది రూపాయల నోటు చాలు. నోటుని తలుపు మధ్య పెట్టి మూసి, లాగి చూడాలి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు. అక్కా వాళ్ల ఫ్రిజ్‌కి కింది మూలలో నోటు వెన్నలో వెంట్రుకలా వచ్చేసింది. అక్కడ రబ్బరు గట్టిపడి, పగిలి, దానిలో పసుపూ చింతపండు మరకలూ పేరుకుని ఉన్నాయి. ఇక రెండో సంగతి. ఫ్రిజ్ పొయ్యి గట్టుకి జానెడు దూరంలో, గోడకి వీపు ఆనించుకుని ఉంది. లోపలి వేడిని బయటికి తోయడమే ఫ్రిజ్ పని. పక్కనే పొయ్యి మండుతుంటే, వెనక గాలి ఆడకపోతే అదెక్కడికి తోస్తుంది?

చిత్తూరు నుంచి మెకానిక్ వచ్చి కొత్త రబ్బరు వేశాడు. బావా, పక్కింటి కుర్రాడూ కలిసి ఫ్రిజ్‌ని హాల్లో ఎండ పడని గోడ దగ్గరికి జరిపారు. వెనక జానెడు ఖాళీ వదిలారు. అత్తమ్మకి మాత్రం హాల్లో ఫ్రిజ్ ఇప్పటికీ నచ్చలేదు. వచ్చినవాళ్లంతా ఏముందోనని తలుపు తీసి చూస్తారట. ఏమైతేనేం, మళ్లీ 3 రోజులు మీటరు పెడితే రోజుకి 1.9 యూనిట్లు వచ్చింది. ఎండలు అలాగే ఉన్నాయి, సామాన్లూ అవే. నెలకి 21 యూనిట్లు తగ్గాయి.

ఫ్రిజ్ తర్వాత నన్ను ఆశ్చర్యపరిచింది రైస్ కుక్కరు. బావకి గుడి దగ్గర కొట్టు ఉంది. తెల్లవారుజామున వెళ్లాలి కాబట్టి అయిదున్నరకే అన్నం వండేస్తారు. వండటానికి అయింది 0.32 యూనిట్. న్యాయంగానే ఉంది. కానీ అన్నం ఉడికాక మీట టక్కున పైకి లేచి, 'వార్మ్' అని రాసిన చోట చిన్న దీపం వెలుగుతుంది చూశారా... అప్పుడు కూడా 40 వాట్లు లాగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యే రెండు గంటల వరకూ ఎవరూ ప్లగ్గు తీయరు. ఎనిమిదిన్నర గంటలు, 0.34 యూనిట్. అంటే అన్నం వండటానికైన కరెంటు కంటే దాన్ని వేడిగా ఉంచడానికైన కరెంటే ఎక్కువ! నెలకి 10 యూనిట్లు. ఇప్పుడు ఉడకగానే ప్లగ్గు తీసి అన్నాన్ని మూత గట్టిగా పట్టే హాట్‌ప్యాక్‌లోకి తీసేస్తున్నారు. అయినా మే నెలలో కాణిపాకంలో అన్నం చల్లారిపోతుందన్న భయం ఏమిటో!

బావ అనుమానించిన ఇండక్షన్ పొయ్యికి రోజుకి 1.1 యూనిట్లు, నెలకి 33. ఎక్కువే. కానీ దీన్ని దోషి అనడానికి ముందు ఇంకో లెక్క చూడాలి. ఆ వేడి కరెంటు నుంచి రాకపోతే గ్యాసు నుంచి రావాలి కదా. 14.2 కిలోల సిలిండరు మన పొయ్యి మీద గిన్నెకి అందించే వేడిని ఇండక్షన్ మీద పుట్టించాలంటే నా లెక్కలో దాదాపు 125 యూనిట్లు కావాలి. సిలిండరు పక్కలకి పోగొట్టే మంటనీ, ఇండక్షన్ పోగొట్టే కొంచెం వేడినీ తీసేస్తే వచ్చే ఉజ్జాయింపు ఇది. యూనిట్ 6 రూపాయలైతే 750 రూపాయలు. 8.75 అయితే 1,090 దాటుతుంది. మీ ఊళ్లో సిలిండరు ధర ఈ రెంటిలో దేనికి దగ్గరో చూసుకుంటే ఇండక్షన్ లాభమో నష్టమో తెలిసిపోతుంది. అంటే తీర్పు పొయ్యిలో లేదు, మీరు ఏ శ్లాబులో ఉన్నారన్న దాంట్లో ఉంది.

ఆ శ్లాబుల సంగతి కాస్త నిదానంగా చూద్దాం. 2022లో ప్రకటించిన గృహ వినియోగ ధరల ప్రకారం మన రాష్ట్రంలో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకూ 3 రూపాయలు, 125 వరకూ 4.50, 225 వరకూ 6 రూపాయలు, ఆపైన 400 వరకూ 8.75. మెట్లు ఎక్కినట్టు ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు ధరే. కాబట్టి 252 యూనిట్లకి, స్థిర ఛార్జీలూ సుంకం సర్దుబాట్లూ కాకుండా, 1,253 రూపాయలు. సగటున యూనిట్ 5 రూపాయలే అనిపిస్తుంది. కానీ ఆదా చేసినప్పుడు తగ్గేది సగటు యూనిట్ కాదు, పై మెట్టు మీది యూనిట్. ఫ్రిజ్‌లో 21, కుక్కరులో 10, మొత్తం 31 యూనిట్లు తగ్గి లెక్క 221కి దిగితే, అందులో 27 యూనిట్లు 8.75వి, మిగతా 4 యూనిట్లు 6 రూపాయలవి. మొత్తం 260 రూపాయలు. వాడకం తగ్గింది ఎనిమిదో వంతు, వాడకపు ఛార్జీ తగ్గింది అయిదో వంతు!

కెటిల్ గురించి చెప్పనే లేదు. దర్శనానికి వచ్చే చుట్టాలకి టీలకీ, అత్తమ్మ వేడినీళ్లకీ కలిపి రోజుకి 4 లీటర్లు కాస్తారు. 0.4 యూనిట్. ఇద్దరికి టీ కావాల్సి వస్తే కెటిల్ నిండా నీళ్లు పోయకుండా రెండు గ్లాసులే పోస్తే అంతా కొంత తగ్గుతుంది. నీళ్లు శుద్ధి చేసే మిషను నెలకి 2 యూనిట్లు, దాని జోలికి పోనక్కర్లేదు.

అన్నీ కలిపితే వంటింటి వాటా 252లో 147. మిగతా 105 ఫ్యాన్లూ లైట్లూ టీవీ, నీళ్ల మోటారూ తిన్నవి. మోటారు తీగలు నేరుగా స్టార్టరుకి పోతాయి కాబట్టి ఈ ప్లగ్గు మీటరు దాని దగ్గర పనిచేయదు. దానికి మళ్లీ వరండాలో లైటు లెక్కపెట్టుకోవాల్సిందే. బావకి ఆ పని బాగా నచ్చింది, మోటారు వేసినప్పుడల్లా గడియారం తీసుకుని బయల్దేరుతున్నాడు.

ఇంతా అయ్యాక అక్క అసలు ప్రశ్న అడిగింది. 'ఇంత తాగే ఫ్రిజ్ ఎందుకే, మార్చేద్దామా?' అని. చిత్తూరులో దుకాణానికి వెళ్లి అదే సైజు కొత్త ఫ్రిజ్‌లు చూశాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో మొదలుపెట్టిన నక్షత్రాల లేబులు ప్రతిదాని మీదా ఉంది. నక్షత్రాల కన్నా దాని మీద రాసిన ఏడాది యూనిట్ల అంకె ముఖ్యం. ఎందుకంటే నక్షత్రాలకి కొలమానాన్ని అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటారు, నిన్నటి 5 నక్షత్రాలు ఇవాళ 5 కాకపోవచ్చు. మేం చూసినదాని మీద ఏడాదికి 220 యూనిట్లని ఉంది. అది ప్రయోగశాలలో కొలిచిన లెక్క, మాటిమాటికీ తలుపు తీసే ఇంట్లో అంతకన్నా ఎక్కువే అవుతుంది. 300 అనుకుందాం. పాత ఫ్రిజ్ ఎండాకాలంలో రోజుకి 1.9, చలికాలంలో తగ్గుతుంది కనుక ఏడాదికి 600 దాకా. ఆదా 300 యూనిట్లు. ఇప్పుడు ఇల్లు 225 లోపల ఉంది కాబట్టి యూనిట్‌కి 6 చొప్పున ఏడాదికి 1,800 రూపాయలు. ఫ్రిజ్ ఖరీదు 25 వేలు. ఆ డబ్బు వెనక్కి రావడానికి పద్నాలుగేళ్లు కావాలి.

రబ్బరు మార్చకముందు ఇదే లెక్క వేసి ఉంటే కొత్తది కొనడమే మేలన్నట్టు కనిపించేది. అప్పుడు 225 దాటిన యూనిట్లు ఉన్నాయి, పాత ఫ్రిజ్ రోజుకి 2.6 తాగుతోంది. ఇప్పటికి ఆగుదామంది అక్క. కంప్రెసరు మొరాయించిన రోజున చూసుకోవచ్చు. నేను బయల్దేరేటప్పుడు మీటరు అడిగితే ఇంకో వారం ఉంచమన్నారు అత్తమ్మ. పక్కింటావిడ ఫ్రిజ్ కూడా పొయ్యి పక్కనే ఉందట.